కంటి ఆసుపత్రి వార్షిక నివేదిక నుంచి ఒక క్యాప్షన్ దాకా

గ్రామాల్లో కంటి వైద్యం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ తన 2023-24 వార్షిక నివేదికను నాకు పంపింది. అందులోని ముఖ్యమైన అంకెలతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు ఒకే ఒక్క ఇంపాక్ట్ హైలైట్స్ క్యాప్షన్ రాయాలి. నివేదికతో పాటు సంస్థలోనే ఎవరో రాసిన ముసాయిదా కూడా వచ్చింది. దాని మొదటి వాక్యం ఇది: "48,316 జీవితాల్లో కంటి వెలుగు నింపాం!" కింద ఏడెనిమిది అంకెలు, ఒక్కొక్క దాని పక్కన ఒక్కో బొమ్మ.

సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ 48,316 ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు తీసేశాం, దాని స్థానంలో ఏ అంకె నిలబడింది అన్నదే నేను వివరంగా చెప్పదలచుకున్నది. ఇలాంటి పని ఎవరికి వచ్చినా మొదట ఎదురయ్యేది ఈ చిక్కే.

నివేదికలో "మొత్తం కంటి పరీక్షలు" అనే పట్టిక ఉంది. ఆసుపత్రి ఓపీలో 19,870, చిన్న పట్టణాల్లోని విజన్ సెంటర్లలో 11,246, శిబిరాల్లో 6,540, పాఠశాలల్లో 10,660. అన్నీ కలిపితే 48,316. కూడిక సరిగ్గానే ఉంది. అయితే కూడిన నాలుగూ ఒకే రకం లెక్కలు కావు. ఆసుపత్రి ఓపీ అంకెలో మొదటిసారి వచ్చినవాళ్లూ ఉన్నారు, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం రాకలే 7,420. ఆపరేషన్ చేయించుకున్న మనిషి మర్నాడు కట్టు విప్పించుకోవడానికి, వారానికి, నెలకు వస్తే ఆ ఒక్కరే పట్టికలో మూడు నాలుగు సార్లు కనిపిస్తారు.

అయితే 7,420 తీసేస్తే మనుషుల లెక్క వస్తుందా? రాదు. శిబిరంలో శుక్లం ఉందని తేలినవారిని సంస్థ బస్సులో ఆసుపత్రికి తీసుకువస్తుంది. వారు శిబిరం పట్టికలో ఒకసారి, ఆసుపత్రిలో కొత్త ఓపీగా మరోసారి లెక్కలోకి వస్తారు. విజన్ సెంటర్ నుంచి పంపినవారి సంగతీ అంతే. ఆసుపత్రిలో ప్రతి రోగికీ ఎం.ఆర్. నంబరు, అంటే సొంత రికార్డు నంబరు, ఉంటుంది కాబట్టి అక్కడ ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టామా అని చూసుకోవచ్చు. శిబిరంలో మాత్రం పుస్తకంలో పేరు, వయసు, ఊరు రాసుకుంటారు. ఆ పేరును ఆసుపత్రి నంబరుతో కలిపే దారి లేదు. అందుకే ఆ ఏడాది సంస్థ ఎందరు వేర్వేరు మనుషులను చూసిందో ఈ నివేదిక నుంచి ఎవరూ తేల్చలేరు. 48,316 పరీక్షల లెక్కగా నిజమైన అంకె. "జీవితాలు" అన్న మాట పక్కన పెట్టగానే అబద్ధం అవుతుంది.

సంస్థ డైరెక్టరు గారితో ఫోనులో మాట్లాడినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. "పరీక్షలు అని మారుస్తాం. అంకె పెద్దది కదా, పైనే ఉంచుదాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కంటి పరీక్ష అంటే గోడ మీది చార్టు చదివించి పంపేయడం కావచ్చు, కంటిపాపను పెద్దదిగా చేసి లోపలి రెటీనా దాకా చూడడం కావచ్చు. పాఠశాలలో నిమిషంలో ముగిసేది, ఆసుపత్రిలో గంట పట్టేది ఒకే గంపలో పడ్డాయి. చదివేవారికి ఆ అంకె ఏ బొమ్మనూ చూపదు. పెద్ద అంకె అన్న ఒక్క కారణంతో ఏదీ మొదటి వాక్యంలోకి రాకూడదు. ఆ అంకె వినగానే ఏం జరిగిందో తెలియాలి.

అలా తెలిసే అంకె ఆపరేషన్ల పేజీలో దొరికింది. ఏడాదిలో 2,184 శుక్లాల ఆపరేషన్లు. మన ఊళ్లలో "కంట్లో పొర తీయించుకోవడం" అంటే ఎవరికైనా తెలుసు. వివరణ అక్కర్లేదు. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. కంటి ఆసుపత్రులు ఆపరేషన్లను కళ్ల చొప్పున లెక్కపెడతాయి, మనుషుల చొప్పున కాదు. రెండు కళ్లకూ చేయించుకున్న మనిషి రెండు ఆపరేషన్లు. ముసాయిదాలో "2,184 మందికి ఆపరేషన్లు" అని ఉంది. రికార్డుల విభాగంలో పనిచేసే అమ్మాయిని ఎం.ఆర్. నంబర్ల ప్రకారం విడదీసి చెప్పమని అడిగాను. 1,927 మంది అని తేలింది. అందులో 257 మందికి అదే ఏడాది రెండు కళ్లకూ చేశారు. 1,927కు 257 కలిపితే 2,184 సరిగ్గా వచ్చింది. ఇలా రెండు వైపుల నుంచీ సరిపోయిన అంకెను నమ్మవచ్చు.

కాబట్టి మొదటి వాక్యానికి 1,927 నిలిచింది. 48,316 ముందు అది చిన్నదిగానే ఉంటుంది. అయినా ప్రతి ఒక్కరికీ ఒక రికార్డు ఉంది, ఒక తేదీ ఉంది. ఎవరైనా వచ్చి అడిగితే చూపించగలరు.

తర్వాతి చిక్కు "ఉచితం" దగ్గర వచ్చింది. నివేదిక ప్రకారం 2,184 ఆపరేషన్లలో 1,638 ఉచితంగా చేశారు, అంటే సరిగ్గా నాలుగింట మూడు వంతులు. దీన్ని చూడగానే "ప్రతి నలుగురిలో ముగ్గురికి ఉచితం" అని రాసేయాలనిపిస్తుంది. అలా రాయకూడదు, ఎందుకంటే 1,638 కూడా కళ్ల లెక్కే. రెండు కళ్లకూ చేయించుకున్నవారిలో ఎందరు ఉచితం, ఎందరు డబ్బు కట్టారు అన్నది నివేదికలో లేదు. ఒక కంటికి కట్టి, రెండో కంటికి ఉచితంగా చేయించుకున్నవారూ ఉండవచ్చు. అందుకని "ప్రతి నాలుగు ఆపరేషన్లలో మూడు ఉచితం" అని రాశాను. చదవడానికి అంతే సులువు, లెక్కకు మాత్రం ఒదుగుతుంది.

ముసాయిదాలో ఇంకో వాక్యం ఉంది: "మీ విరాళాలతో 1,638 ఉచిత ఆపరేషన్లు." దీని గురించి అకౌంటెంటు గారితో కొంచెం ఎక్కువసేపు మాట్లాడవలసి వచ్చింది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద, పేదలకు శుక్లాల ఆపరేషన్లు చేసే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వం నుంచి ఆపరేషన్‌కు ఇంత అని గ్రాంటు వస్తుంది. ఈ సంస్థకు ఆ ఏడాది 1,050 ఆపరేషన్లకు అలా వచ్చింది. ఆ గ్రాంటు మొత్తం ఖర్చుకు సరిపోదు, మిగతాది విరాళాల నుంచే వెళ్తుంది. పూర్తిగా విరాళాలతో చేసినవి 588. అంటే దాతల డబ్బు 1,638 ఆపరేషన్లలోనూ ఎంతో కొంత ఉంది, కానీ 1,638 ఆపరేషన్లూ దాతల డబ్బుతోనే జరిగాయనడం తప్పు. ఇదే సంస్థ జిల్లా అధికారులకు పంపే నివేదికలో ఆ 1,050నే ప్రభుత్వ గ్రాంటు కింద చూపిస్తుంది. రెండు కాగితాలూ ఎవరి చేతిలోనైనా ఒకేసారి పడితే ఒకే ఆపరేషన్‌కు ఇద్దరి దగ్గర పేరు తీసుకున్నట్టు కనిపిస్తుంది. క్యాప్షన్‌లో అంకెలు విడదీసి పాఠకుడిని విసిగించనక్కర్లేదు. "ప్రభుత్వ గ్రాంటు, దాతల విరాళాలు కలిసి భరించాయి" అంటే చాలు.

"కంటి వెలుగు" అన్న మాటను తీసేయడానికి కారణం కూడా ఇలాంటిదే. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న అదే పేరుతో పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వైఎస్సార్ కంటి వెలుగు వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఆ మాట వింటే జనానికి గుర్తొచ్చేది ప్రభుత్వ శిబిరమే. స్వచ్ఛంద సంస్థ క్యాప్షన్‌లో అది కనిపిస్తే, సంస్థ ఆ పథకంలో భాగమేమో అనుకుంటారు. కంటి వైద్యం మీద తెలుగులో రాసే ఎవరైనా ఈ ఒక్క మాట దగ్గర ఆగి చూసుకోవాలి.

అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టింది ఫలితం దగ్గర. ఆపరేషన్ చేశాం అనడం పని లెక్క. చూపు వచ్చింది అనడం ఫలితం లెక్క. ముసాయిదాలో "91 శాతం మందికి చూపు తిరిగి వచ్చింది" అని ఉంది. నివేదికలోని పట్టికలో నిజంగా ఉన్నది ఇది: ఆపరేషన్ జరిగిన నాలుగు నుంచి ఆరు వారాలకు 1,790 కళ్లను మళ్లీ పరీక్షించారు. వాటిలో 1,629 కళ్లకు, సరైన అద్దాలు పెట్టి చూసినప్పుడు, 6/18 లేదా అంతకంటే మంచి చూపు ఉంది. మామూలు కన్ను 18 మీటర్ల దూరం నుంచి గుర్తించే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల నుంచి గుర్తిస్తుందని 6/18కి అర్థం. 1,629ని 1,790తో భాగిస్తే 91 శాతం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన కొలత, తగిన అద్దాలతో 90 శాతానికి పైగా కళ్లకు ఈ పాటి చూపు ఉండాలన్నదే. కాబట్టి ఇది మంచి ఫలితం, చెప్పుకోవలసిన ఫలితం.

కానీ ఆపరేషన్ జరిగినవి 2,184. పరీక్షకు రానివి 394. ఆ 394 కళ్ల పరిస్థితి ఎవరికీ తెలియదు. బాగా కనిపిస్తోందని, ఇక అక్కర్లేదని రానివారు ఉంటారు. పొలం పనుల రోజులు కావడంతో రానివారు, తోడు వచ్చే మనిషి లేక ఆగిపోయినవారు ఉంటారు. సరిగ్గా కనిపించక వేరే ఆసుపత్రికి వెళ్లినవారూ ఉండవచ్చు. కాబట్టి 91 శాతాన్ని అందరికీ అంటగట్టలేం. అలాగని 1,629ని 2,184తో భాగించి 75 శాతం అని రాయడం కూడా సరికాదు. అలా రాస్తే రానివారందరికీ చూపు రాలేదని చెప్పినట్టు అవుతుంది. నిలబడే వాక్యం ఒక్కటే: పరీక్షకు తిరిగి వచ్చిన కళ్లలో ప్రతి పదింటిలో తొమ్మిది. "తిరిగి వచ్చిన" అన్న ఆ రెండు మాటలే వాక్యాన్ని నిజంగా ఉంచుతున్నాయి. స్థలం చాలడం లేదని ఎవరైనా కత్తిరించాలనుకుంటే మొదట కత్తెర పడేది వాటి మీదే. అందుకే సంస్థకు పంపిన కాగితంలో వాటి కింద గీత గీసి, తీయవద్దని రాశాను.

"చూపు తిరిగి వచ్చింది" బదులు "మంచి చూపు వచ్చింది" అని పెట్టాను. శుక్లం ఉన్నవారందరూ పూర్తిగా చూపు పోయినవారు కారు. చాలామందికి మసకగా కనిపిస్తూనే ఉంటుంది. అంధత్వం నుంచి బయటపడ్డారన్నట్టు రాయాలంటే ఆపరేషన్‌కు ముందు చూపు ఎంత ఉందో కూడా పట్టికలో ఉండాలి. ఈ నివేదికలో అది లేదు.

పాఠశాలల లెక్క వీటికంటే శుభ్రంగా ఉంది. ప్రతి బడికీ ఏడాదిలో ఒక్కసారే వెళ్లారు, హాజరు పట్టీ ముందు పెట్టుకుని పరీక్షించారు. కాబట్టి 10,660 అంటే 10,660 మంది పిల్లలే. వారిలో 842 మందికి అద్దాలు అవసరమని తేలింది. 715 మందికి అద్దాలు ఇచ్చారు. ముసాయిదాలో మొదటి, చివరి అంకెలే ఉన్నాయి, మధ్యది లేదు. 10,660 పక్కన 715 చూస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. మిగతా దాదాపు పదివేల మందికి ఎందుకు ఇవ్వలేదనిపిస్తుంది. 842 ఉంటేనే 715కు విలువ తెలుస్తుంది.

842 పెట్టగానే అద్దాలు అందని 127 మంది లెక్క బయటపడుతుంది. డైరెక్టరు గారికి అది ఇబ్బందిగా అనిపించింది. ఎందుకు ఇవ్వలేకపోయారని అడిగాను. అద్దాలు పంచిన రోజు బడికి రానివారు కొందరు, వేరే ఊరికి మారినవారు కొందరు, ఆడపిల్లకు అద్దాలు వద్దని ఇంట్లోవాళ్లు తిప్పి పంపినవారు కొందరు. సిబ్బంది మళ్లీ ఆ బడులకు వెళ్తూనే ఉన్నారట. అయితే అదే రాద్దాం అన్నాను. దాచితే లోటుగా కనిపించే అంకె, జరుగుతున్న పనితో కలిపి చెప్పినప్పుడు సంస్థ మీద నమ్మకం పెంచుతుంది. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. పిల్లల చదువు మెరుగుపడిందన్న వాక్యాన్ని మాత్రం పూర్తిగా తీసేశాం. అద్దాలు ఇచ్చాక పిల్లలు పెట్టుకుంటున్నారో లేదో కూడా ఎవరూ తిరిగి చూడలేదు. మార్కుల సంగతి ఇంకా దూరం.

ఇక కొలతల సంగతి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 క్యారెక్టర్ల దాకా రాయవచ్చు, కానీ సుమారు 125 దాటాక మిగతాది మడతపడిపోతుంది. చాలామంది మడత విప్పరు. పైగా తెలుగు క్యారెక్టర్ల లెక్క కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. మనకు ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" కంప్యూటర్‌కు ఆరు. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. అందుకే తెలుగులో మొదటి వాక్యం ఇంగ్లీషులో కంటే చిన్నదిగా ఉండాలి. మనుషుల సంఖ్య, ఏం జరిగింది, ఉచితమా కాదా అన్న మూడూ మడతకు ముందే పడాలని పెట్టుకున్నాను. వంద దాటీదాటకుండా సరిపోయాయి.

చివరికి వెళ్లిన క్యాప్షన్ ఇది:

"2023-24లో 1,927 మంది మా దగ్గర కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు. ప్రతి నాలుగు ఆపరేషన్లలో మూడు ఉచితం.

కొందరికి రెండు కళ్లకూ చేశాం కాబట్టి ఆపరేషన్లు మొత్తం 2,184. నాలుగు నుంచి ఆరు వారాలకు పరీక్షకు తిరిగి వచ్చిన కళ్లలో ప్రతి పదింటిలో తొమ్మిదికి, తగిన అద్దాలతో, మంచి చూపు వచ్చింది.

బడుల్లో 10,660 మంది పిల్లల కళ్లు చూశాం. 842 మందికి అద్దాలు అవసరమయ్యాయి. 715 మందికి ఇచ్చాం. మిగిలిన 127 మంది కోసం మళ్లీ వాళ్ల బడులకు వెళ్తున్నాం.

ఉచిత ఆపరేషన్ల ఖర్చును ప్రభుత్వ గ్రాంటు, దాతల విరాళాలు కలిసి భరించాయి.

ఇవి 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు లెక్కలు. పూర్తి నివేదిక మా వెబ్‌సైట్‌లో ఉంది."

48,316 ఎక్కడా లేదు. శాతం గుర్తు కూడా లేదు. ఆర్థిక సంవత్సరం అలవాటు లేనివారికి 2023-24 అంటే రెండేళ్ల లెక్కలా కనిపిస్తుంది కాబట్టి చివర నెలలు విప్పి రాశాం.

విరాళాల కోసం బ్యాంకు ఖాతా నంబరు కూడా వేద్దామని సంస్థ అనుకుంది. వద్దన్నాను. ఈ పేజీని అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువారు కూడా చూస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఈ సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. క్యాప్షన్‌లో ఖాతా నంబరు చూసి ఎవరు ఏ పౌరసత్వంతో పంపారో తర్వాత తేల్చుకోవడం అకౌంటెంటుకు తలనొప్పి, సంస్థకు చట్టపరమైన ప్రమాదం. విరాళం ఇవ్వాలనుకునేవారు ముందుగా ఆఫీసుకు ఫోను చేస్తే వివరాలు కనుక్కుని చెప్పవచ్చు.

బొమ్మ తయారుచేసిన డిజైనరు తొలి ప్రతిలో "2,000+ మందికి చూపు" అని పెద్ద అక్షరాల్లో వేశాడు. పెద్ద అంకెను గుండ్రం చేసి ప్లస్ పెట్టడం డిజైనర్లందరికీ ఉన్న అలవాటు. ఆపరేషన్లు 2,184 కాబట్టి "2,000+ ఆపరేషన్లు" అంటే చెల్లుతుంది. మనుషులు 1,927 కాబట్టి "2,000+ మంది" చెల్లదు. క్యాప్షన్ ఎంత జాగ్రత్తగా రాసినా బొమ్మ మీది అంకె దాన్ని ఒక్క క్షణంలో పాడుచేస్తుంది, ఎందుకంటే చాలామంది చదివేది బొమ్మనే. చివరి ప్రతిలో బొమ్మ మీద 1,927 ఒక్కటే ఉంచాం. దాని వెనుక, కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న ముసలమ్మ ఫొటో బదులు, చార్టు ముందు నిలబడి అక్షరాలు చదువుతున్న ఒక పెద్దాయన ఫొటో పెట్టాం. ఆయన దగ్గర, ఫొటోను ఇంటర్నెట్‌లో పెడతామని ఫోనులో చూపించి మరీ, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారు. ఆపరేషన్ కోసం సంతకం పెట్టిన కాగితంలోనే ఫొటో అనుమతి కూడా ఉందని మొదట అన్నారు. వైద్యం కావలసిన మనిషి ఆ కాగితం మీద వద్దు అని ఎలా అనగలడు? ఆ అనుమతిని నేను లెక్కలోకి తీసుకోలేదు.

పోస్టు వెళ్లాక కామెంట్లలో ఎక్కువమంది అడిగింది, మా అమ్మకు చేయించాలి, ఎప్పుడు రావాలి, ఏం తీసుకురావాలి అని. సంస్థ శిబిరాల తేదీలను మొదటి కామెంట్‌లో పెట్టి పైకి పిన్ చేసింది. ఒక దాత మాత్రం గత ఏడాది పోస్టులో అంకె వేలల్లో ఎక్కువగా ఉంది, ఇప్పుడెందుకు తగ్గిందని అడిగారు. గత ఏడాది రాసింది పరీక్షల సంఖ్య అని, ఈసారి ఆపరేషన్ చేయించుకున్న మనుషుల సంఖ్య అని, రెండింటినీ పోల్చకూడదని సంస్థ తన పేరుతోనే జవాబు రాసింది. లెక్క పద్ధతి మార్చిన ఏడాది ఈ ప్రశ్న తప్పదు. జవాబు ముందే రాసి పెట్టుకుంటే మంచిది.

రాబోయే ఏడాది కోసం నేను అడిగిన మార్పు ఒక్కటే. శిబిరం పుస్తకంలో ఇంకో గడి పెట్టి, ఆసుపత్రికి పంపిన రోగికి అక్కడ ఇచ్చిన ఎం.ఆర్. నంబరును సాయంత్రం ఆ గడిలో రాయాలి. బస్సులో వచ్చినవారి జాబితా ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇది కొత్త పనేమీ కాదని శిబిరాల సమన్వయకర్త ఒప్పుకున్నారు. విజన్ సెంటర్లలో కంప్యూటర్ ఉంది కానీ నంబర్లు వేరు. వాటిని ఆసుపత్రి నంబర్లతో కలిపే పని ఇంకా మొదలు కాలేదు. అది పూర్తయ్యేదాకా "ఇంతమందికి వైద్యం అందించాం" అన్న మొత్తం అంకె ఈ సంస్థ క్యాప్షన్‌లో ఉండదు.